స్టైపెండ్ ఆలస్యం: ఇంటర్న్‌లకు పంపే మెసేజ్‌ను ఎలా సరిచేశామంటే

భీమవరంలో మాది ఆక్వా ల్యాబ్. చెరువు నీళ్లు, రొయ్య పిల్లల శాంపిల్స్ పరీక్షిస్తాం. లెక్కలూ జీతాలూ చూసేది నేనే. ఇంటర్న్‌లు పద్నాలుగు మంది, ఒక్కొక్కరికి నెలకు 8,000, ఇవ్వాల్సిన రోజు ప్రతి నెలా 5వ తేదీ. జనవరి స్టైపెండ్ ఫిబ్రవరి 5, గురువారం పడాలి. అందరికీ పూర్తిగా ఇవ్వలేమని 2వ తేదీ సోమవారమే తేలిపోయింది. గ్రూపులో పెట్టమని మా ఓనరు గారు పంపిన మెసేజ్ ఇది:

"డియర్ ఇంటర్న్స్, కొన్ని అనివార్య కారణాల వల్ల ఈ నెల స్టైపెండ్ ప్రాసెస్ కావడంలో స్వల్ప జాప్యం జరుగుతోంది. త్వరలోనే మీ ఖాతాల్లో జమ చేయబడుతుంది. మీ సహకారానికి ధన్యవాదాలు."

మర్యాదగానే ఉంది, అబద్ధమూ లేదు. కానీ దీన్ని పట్టుకుని ఎవరూ ఏమీ చేయలేరు. ఇలాంటి మెసేజ్‌కి నేను పెట్టే పరీక్ష ఒక్కటే. మా ఇంటర్న్‌లలో సగం మంది పాలకొల్లు, కైకలూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ హాస్టళ్లలో ఉంటున్నారు. 5వ తేదీ దాటగానే హాస్టల్ ఆవిడ అద్దె అడుగుతుంది. అప్పుడు ఆ పిల్ల ఈ మెసేజ్ చూపించి "ఫలానా రోజు ఇస్తానండి" అనగలగాలి. పై మెసేజ్ చూపిస్తే ఆవిడ "త్వరలో అంటే ఎప్పుడమ్మా?" అంటుంది. "స్వల్ప" అంటే మూడు రోజులో మూడు వారాలో తెలియదు. "ప్రాసెస్" అన్నందుకు బ్యాంకు తప్పేమో అనిపిస్తుంది. కారణం చెప్పని చోట వాళ్లే ఒకటి అల్లుకుంటారు, అది ఎప్పుడూ అసలు దానికంటే భయంకరంగానే ఉంటుంది.

ముందు మాటలు దిద్దుతూ కూర్చోలేదు. తేదీ లేకుండా మాటలు ఎంత దిద్దినా ప్రయోజనం లేదు, తేదీ రావాలంటే డబ్బు ఎక్కడిదో తేలాలి. ఇవ్వాల్సింది మొత్తం 1,12,000. కరెంట్ అకౌంట్‌లో ఉన్నది 90,000. అందులో 11,000 కరెంటు బిల్లుకు పక్కన పెట్టాల్సిందే, ఫ్రీజర్లు ఆగితే శాంపిల్సూ కిట్లూ పోతాయి. మిగిలింది 79,000. మాకు రావాల్సిన బిల్లులు రెండు, కలిపి 1,90,000. ఒక కంపెనీ అకౌంటెంట్‌కి ఫోన్ చేస్తే "ఆయ్, వచ్చే మంగళవారం చెక్కు ఇచ్చేస్తామండి" అన్నారు. ఓనరు గారు వెంటనే బుధవారం తేదీ వేసేద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. అవతలివాళ్లు ఇస్తామన్న చెక్కు మీద మనం ఇంకొకరికి తేదీ ఇస్తే, అది మన మాట కాదు, వాళ్ల మాట.

గట్టి తేదీ అంటే, ఆ చెక్కు రాకపోయినా నిలబడే తేదీ. అందుకు ఓనరు గారి పేరిట లక్ష రూపాయల ఫిక్స్‌డ్ డిపాజిట్ పనికొచ్చింది. దాన్ని చెరపకుండా దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకోవచ్చు. బ్యాంకులు మామూలుగా డిపాజిట్‌లో 90 శాతం దాకా ఇస్తాయి, వడ్డీ వాడుకున్న మొత్తానికే, వాడుకున్న రోజులకే. మా బ్యాంకు మేనేజరు గారు కాగితాలు ఇస్తే 9వ తేదీ సోమవారానికి సిద్ధమవుతుందన్నారు. అక్కడి నుంచి ముందుకు లెక్కేశాం. 11 బుధవారం మధ్యాహ్నం పన్నెండు దాకా చెక్కు డబ్బు కోసం చూస్తాం. పడకపోతే ఓవర్‌డ్రాఫ్ట్ వాడతాం. 12 గురువారం పంపిస్తాం. శుక్రవారం ఎందుకు కాదంటే, 14 రెండో శనివారం, 15 ఆదివారం, బ్యాంకు మూత. నెఫ్ట్ 2019 డిసెంబరు నుంచి రాత్రీ పగలూ నడుస్తోంది కాబట్టి డబ్బు ఆదివారమైనా వెళ్తుంది. కానీ ఎవరిదైనా తిరిగొస్తే అడగడానికి కౌంటర్లో మనిషి ఉండాలి. గురువారం పంపితే శుక్రవారం చేతిలో ఉంటుంది.

ఇక్కడే ఇంకో చిక్కు బయటపడింది. పద్నాలుగు మందిలో ముగ్గురు అప్రెంటిస్ చట్టం కింద కాంట్రాక్టు రాసుకుని, ప్రభుత్వ పోర్టల్‌లో నమోదైనవాళ్లు. వాళ్ల విషయంలో నిబంధన స్పష్టం: ఈ నెల స్టైపెండ్ వచ్చే నెల 10వ తేదీలోగా అందాలి. 12 అంటే గడువు దాటినట్టే. మిగతా పదకొండు మందీ కాలేజీల నుంచి మామూలు ఇంటర్న్‌షిప్‌కి వచ్చినవాళ్లు, వాళ్లకు ఉన్నది మేమిచ్చిన ఉత్తరంలోని మాటే. అందుకని ముగ్గురికీ 5నే పూర్తిగా, అంటే 24,000. పదకొండు మందికీ 5న సగం, 44,000. 79,000లో ఇవి పోగా 11,000 మిగిలింది. అద్దెకో ఫీజుకో మిగతా సగం కూడా అప్పుడే కావాల్సిన ఇద్దరికి అందులోంచి సర్దవచ్చు, ఇంకో 3,000 ఖాతాలో ఉంటుంది. ఆ ముగ్గురి సంగతి గ్రూపులో చెప్పాలా అన్నది కాసేపు నలిగింది. చెప్పాలనే నేనన్నాను. ఒకే గదిలో ఉండే పిల్లలు, ఒకరి ఫోన్‌లో 8,000, పక్కవారి ఫోన్‌లో 4,000 మోగితే ఆ సాయంత్రానికే తెలిసిపోతుంది.

ఇక కారణం. ఓనరు గారి రెండో డ్రాఫ్టులో అమెరికా సుంకాలు వచ్చాయి. 2025 ఆగస్టులో 50 శాతానికి చేరిన సంగతి ఇక్కడ చెరువు గట్టు మీద ఎవరినడిగినా చెబుతారు, మా ఖాతాదారులు బిల్లులు ఆపడానికి అదీ ఒక కారణమే. కానీ అది రాస్తే రెండు నష్టాలు. ఒకటి, సుంకాలు మా చేతిలో లేవు గనక తేదీ కూడా మా చేతిలో లేదనిపిస్తుంది. రెండు, ల్యాబ్ మూసేస్తారేమో అని పిల్లలు భయపడతారు. మాకు జరిగింది అంతకంటే చిన్నది: రెండు బిల్లులు సమయానికి రాలేదు, సంక్రాంతి నెలలో శాంపిల్స్ తగ్గాయి, ఉన్న డబ్బులో సిబ్బంది జీతాలు 31నే ఇచ్చేశాం. ఆ చివరి ముక్క తీసేయమన్నారు. తీసేస్తే "మరి మీ జీతాలు పడ్డాయా?" అన్న ప్రశ్న మొదటి గంటలోనే వస్తుంది, అప్పుడు చెప్పింది సంజాయిషీలా ఉంటుంది. ఉంచాం. బాకీ పడ్డ కంపెనీల పేర్లు మాత్రం రాయలేదు. అది పిల్లలకు అక్కర్లేదు, స్క్రీన్‌షాట్ ఎక్కడికి పోతుందో మనకు తెలియదు.

3వ తేదీ మంగళవారం ఉదయం, గడువుకు రెండు రోజుల ముందే, ఓనరు గారి నంబరు నుంచి ఆయన పేరుతోనే వెళ్లింది:

"అందరికీ నమస్కారం. జనవరి స్టైపెండ్ 5వ తేదీన అందరికీ పూర్తిగా ఇవ్వలేకపోతున్నాం. మాకు రావాల్సిన రెండు పెద్ద బిల్లులు రాలేదు, జనవరిలో పని కూడా తగ్గింది. ఉన్న డబ్బుతో 31న సిబ్బంది జీతాలు ఇచ్చాం, మీకు ఇవ్వాల్సిన దానికి కొంత తగ్గింది. 5వ తేదీ గురువారం సాయంత్రం 6 లోగా 4,000 పడుతుంది. మిగతా 4,000 ఫిబ్రవరి 12 గురువారం సాయంత్రం 6 లోగా పడుతుంది. ఆ బిల్లులు అప్పటికీ రాకపోతే నా డిపాజిట్ మీద తీసుకుని ఇస్తాను, కాబట్టి 12 మారదు. అప్రెంటిస్ కాంట్రాక్టు ఉన్న ముగ్గురికి చట్ట ప్రకారం 10 లోగా ఇవ్వాలి, వాళ్లకు 5నే పూర్తిగా వస్తుంది. అద్దెకో ఫీజుకో మొత్తం 5నే కావాల్సినవాళ్లు రేపు రాత్రి 8 లోగా అకౌంట్స్‌కి విడిగా ఫోన్ చేయండి, ఇద్దరికి సర్దగలం. ఫిబ్రవరి స్టైపెండ్ మార్చి 5నే. ఆలస్యానికి క్షమించండి."

"మీ సహకారానికి ధన్యవాదాలు" అన్నది కావాలనే తీసేశాం. వాళ్లు ఇంకా సహకరిస్తామనలేదు, ముందే ధన్యవాదాలు చెబితే నోరు మూయించినట్టుంటుంది. "జమ చేయబడుతుంది" స్థానంలో "పడుతుంది", "ఇస్తాను" వచ్చాయి. ఎవరు ఇస్తారో తెలియాలి. మార్చి మాట రాసే ముందు, ఓవర్‌డ్రాఫ్ట్‌లో 44,000 పోయినా ఇంకా 46,000 మిగులుతుందని చూసుకున్నాకే రాశాం. ఆ భరోసా లేకపోతే ఆ వాక్యం ఉండకూడదు.

మెసేజ్ వెళ్లాక నాకు మిగిలింది ఖాతాల వివరాలు సరిచూడటం. తేదీ ఇచ్చాక డబ్బు తిరిగొస్తే, కారణం ఎవరిదైనా మాట తప్పింది మనమే. మా వైపు ఎక్కువగా ఇబ్బంది పెట్టేది పాత ఐఎఫ్ఎస్సీ. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో కలిసింది, అయినా ఇంట్లో పాత పాస్‌బుక్ చూసి `ANDB` తో మొదలయ్యే కోడ్ ఇచ్చే పిల్లలు ఇంకా ఉన్నారు. ఇప్పుడది `UBIN` తో మొదలవ్వాలి. చైతన్య గోదావరి గ్రామీణ బ్యాంకు కూడా 2025 మేలో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయింది. ఆ ఖాతాలున్నవాళ్లను పాస్‌బుక్ ఫొటో కాకుండా, బ్యాంకు యాప్‌లో ఈరోజు కనిపిస్తున్న కోడ్ పంపమన్నాను. ముగ్గురివి మార్చాల్సి వచ్చింది. కొత్త కోడ్‌తో మళ్లీ నమోదు చేసిన ఖాతాకు మొదటి రోజు పెద్ద మొత్తం వెళ్లనివ్వని బ్యాంకులు ఉంటాయి, అందుకే ఈ పని చివరి రోజుకు పెట్టుకోకూడదు. ఇంకొకటి: నేను ఎక్కించిన చెల్లింపులకు ఓనరు గారి ఫోన్‌కి వచ్చే ఓటీపీతోనే ఆమోదం. ఆయన గురువారం పదకొండుకు ఫోన్ దగ్గర పెట్టుకోవాలని ముందే మాట తీసుకున్నాను.

చెక్కు 11 బుధవారం సాయంత్రం నాలుగింటికి వచ్చింది. పన్నెండు దాటిపోయింది గనక అప్పటికే ఓవర్‌డ్రాఫ్ట్ నుంచి మార్చేశాం. గురువారం పదకొండున్నరకు డబ్బు వెళ్లింది. నెఫ్ట్‌లో అవతలి ఖాతాలో పడకపోతే ఆ బ్యాచ్ అయిన రెండు గంటల్లో తిప్పి పంపాలన్నది నియమం, అందుకే రెండున్నర దాకా ఆగి స్టేట్‌మెంట్ చూశాను. ఒకరిది తిరిగొచ్చింది, ఖాతా నంబరులో ఒక అంకె తేడా. అప్పటికప్పుడు ఫోన్ చేసి సరిచేసి మళ్లీ పంపాం. సాయంత్రం ఐదుకి ఒక్కొక్కరికి విడివిడిగా, ఆ చెల్లింపును బ్యాంకులో వెతకడానికి పనికొచ్చే యూటీఆర్ నంబరుతో "4,000 పంపాం, పడిందో లేదో చూసి చెప్పండి" అని పెట్టాం. ఆరు లోపు ఒక్కరు తప్ప అందరూ పడిందన్నారు, ఆ ఒక్క అబ్బాయి ఉండి ఊరి దగ్గర చెరువులో శాంపిల్ తీస్తున్నాడు, ఎనిమిదింటికి చెప్పాడు.