55కే రిటైర్మెంట్ లెటర్: లేబర్ ఆఫీసులో నా అనుభవం

పటాన్‌చెరు వైపు ఒక ప్రైవేటు ఫ్యాక్టరీలో 24 ఏళ్లు సీనియర్ టెక్నీషియన్‌గా చేశాను. 2019లో యాజమాన్యం చేతులు మారింది. కొత్తవాళ్లు యాభై దాటినవాళ్లను ఒక్కొక్కరినీ హెచ్‌ఆర్ గదికి పిలవడం మొదలుపెట్టారు. టేబుల్ మీద కాగితం రెడీగా ఉండేది: ‘వ్యక్తిగత కారణాల వల్ల స్వచ్ఛందంగా విరమిస్తున్నాను’. సంతకం చోటు ఒక్కటే ఖాళీ.

ఆరు నెలల జీతం, గ్రాట్యుటీ కలిపి మంచి ప్యాకేజీ అన్నారు. గ్రాట్యుటీ వాళ్లిచ్చే బహుమతేం కాదు, ఎలాగూ రావలసిందే. నా బేసిక్, డీఏ కలిపి 26,000. దాన్ని 26తో భాగించి 15తో గుణిస్తే 15,000, ఆ లెక్కన 24 ఏళ్లకు 3,60,000. అంటే వాళ్లు కొత్తగా ఇస్తున్నది ఆరు నెలల జీతమే. పైగా పీఎఫ్ పెన్షన్ పూర్తిగా రావాలంటే 58 నిండాలి. ముందే తీసుకుంటే ఏడాదికి 4 శాతం చొప్పున కోత.

నేను సంతకం పెట్టలేదు. కొన్నాళ్లకు లెటర్ చేతికొచ్చింది: ‘కంపెనీ పాలసీ ప్రకారం 55 నిండినందున మీకు పదవీ విరమణ’.

ఈ 55 ఎక్కడి నుంచి వచ్చిందని యూనియన్‌లో పాత నాయకుడొకాయన్ని అడిగాను. ప్రైవేటులో అందరికీ వర్తించే ఒకే వయసు చట్టంలో లేదట. గవర్నమెంటు వాళ్లకైతే ప్రభుత్వమే నిర్ణయిస్తుంది (తర్వాత 2021లో తెలంగాణ 61 చేసింది, 2022లో ఆంధ్రప్రదేశ్ 62 చేసింది). మాకైతే అపాయింట్‌మెంట్ లెటర్లోనో, యూనియన్ ఒప్పందంలోనో, ఫ్యాక్టరీ సర్వీసు నిబంధనలు, అంటే కార్మిక శాఖ దగ్గర సర్టిఫై అయిన స్టాండింగ్ ఆర్డర్స్‌లోనో రాసి ఉండాలి. “పాలసీ అని వాళ్లంతట వాళ్లు రాసుకుంటే చెల్లదు తమ్ముడూ” అన్నాడాయన.

నా అపాయింట్‌మెంట్ లెటర్లో వయసు ఊసే లేదు. స్టాండింగ్ ఆర్డర్స్ గేటు దగ్గర అందరికీ కనపడేలా పెట్టాలి. మా దగ్గర రంగులేసినప్పుడు ఆ బోర్డు తీసేశారు, మళ్లీ పెట్టలేదు. కార్మిక శాఖ రిజిస్టర్లో కాపీ ఉంటుంది, ఫీజు కడితే ఎవరికైనా ఇస్తారు. తెచ్చుకుని చూస్తే విరమణ వయసు 58 అని స్పష్టంగా ఉంది.

ఆ ఒక్క వాక్యంతో కథ మారిపోయింది. ముందే రాసుకున్న వయసు రాకుండా పంపిస్తే చట్టం దృష్టిలో అది రిటైర్మెంట్ కాదు, రిట్రెంచ్‌మెంట్, అంటే ఉద్యోగం నుంచి తొలగింపు. దానికి నోటీసు ఇవ్వాలి, పరిహారం కట్టాలి. అప్పటి చట్టం ప్రకారం మా లాగా వందమందికి పైగా పనిచేసే ఫ్యాక్టరీ అయితే ముందే ప్రభుత్వ అనుమతి కూడా తీసుకోవాలి. వాళ్లు ఇవేవీ చెయ్యలేదు.

పారిశ్రామిక వివాదాల చట్టం సెక్షన్ 2ఎ కింద లేబర్ ఆఫీసులో వివాదం వేశాను. 45 రోజుల్లో రాజీ కుదరకపోతే అప్పట్లో మనమే నేరుగా లేబర్ కోర్టుకు వెళ్లగలిగేవాళ్లం.

అసలు పోరు అక్కడ మొదలైంది. కంపెనీ వకీలు 58 గురించి మాట్లాడనే లేదు, “ఈయన వర్క్‌మన్ కాదు, సూపర్‌వైజర్” అన్నాడు. జీతం పదివేలు దాటిన సూపర్‌వైజర్‌కు ఆ చట్టం వర్తించేది కాదు. కుర్రాళ్లకు పని నేర్పుతానన్నది వాళ్ల రుజువు. హోదా పేరు ఏదైనా, చేసే పని ఏమిటన్నదే లెక్క. షిఫ్ట్ లాగ్‌బుక్ జిరాక్స్‌లు చూపించాను. మెషిన్ సెట్టింగ్, బేరింగ్ మార్పిడి, అన్నీ నా చేతిరాతే. “ఈయన ఎవరికైనా లీవ్ శాంక్షన్ చేశాడా? మెమో ఇచ్చాడా?” అని అధికారి అడిగారు. అలాంటి కాగితం ఒక్కటీ వాళ్ల దగ్గర లేదు.

ఈలోగా ఇల్లు గడవాలి కదా, బయట పనికి తిరిగాను. ప్రకటనల్లో ‘35 లోపు’. ఒక కాంట్రాక్టర్ అయితే, “అంకుల్, నైట్ షిఫ్ట్ మీ వల్ల అవుతుందా?” అన్నాడు. ఇన్నేళ్లూ నేను చేసిందే నైట్ షిఫ్టులు! వయసు చూసి ఉద్యోగం ఇవ్వనంటే ప్రైవేటు సంస్థను నిలదీయడానికి మనకు ప్రత్యేక చట్టం లేదు. వివక్ష వద్దనే రాజ్యాంగం 16వ అధికరణం ప్రభుత్వ ఉద్యోగాలకే, అందులోనూ కులం, మతం, లింగం లాంటివి ఉన్నాయి గానీ వయసు లేదు. ఉన్న ఉద్యోగం నిలబెట్టుకోవడానికి దారి ఉంది, కొత్తది అడగడానికి లేదు.

చివరికి అధికారి ముందే సెటిల్‌మెంట్ రాసుకున్నాం. 58 నిండేదాకా ఉద్యోగం, ఖాళీగా ఉన్న నెలలకు సగం జీతం, సర్వీసు మాత్రం తెగకుండా లెక్క. సగం వదులుకోవడం కడుపుమంటే, కానీ లేబర్ కోర్టులో కేసు తేలేలోపే నాకు 58 నిండిపోతుందని ఒప్పుకున్నాను.

హెచ్‌ఆర్ గదిలో సంతకం పెట్టినవాళ్లలో ఇద్దరు నన్ను చూసి ఆఫీసుకు వచ్చారు. బలవంతంగా పెట్టించారన్నారు. కాగితం మీద ‘స్వచ్ఛందంగా’ అని ఉంది, డబ్బు ఖాతాలో పడింది, సాక్షి లేడు. వాళ్ల దరఖాస్తు ముందుకు కదల్లేదు.

ఇదంతా పాత చట్టం నాటి మాట. 2025 నవంబరులో కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. స్టాండింగ్ ఆర్డర్స్ ఇప్పుడు 300 మంది, ఆపైన ఉన్నచోటే తప్పనిసరి, వివాదం లేవనెత్తే గడువు మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది. మా ఫ్యాక్టరీలో అప్పుడున్నది రెండొందల చిల్లర మంది.