412 పాలసీలు రాసుకెళ్తే నవ్వి పంపారు

నిన్న సాయంత్రం రెండో కంపెనీ నుంచి ఆఫర్ లెటర్ వచ్చింది. మొదటి కంపెనీ మీద కోపం చల్లారకముందే ఇది రాసేస్తున్నాను.

నేను సత్తెనపల్లి దగ్గర పదకొండేళ్లుగా జీవిత బీమా ఏజెంటుని. పిల్ల కాలేజీకొచ్చింది, నెల జీతం ఉంటే బాగుండనిపించి ప్రైవేటు కంపెనీల్లో ఏజెన్సీ మేనేజర్ ఉద్యోగానికి ప్రయత్నించాను. ఏజెంట్ల పరీక్ష ఐసీ-38 పాసైన కాగితం, ఏజెన్సీ నియామక పత్రం బీరువాలోనే ఉన్నాయి. రెజ్యూమే నెట్ సెంటర్ కుర్రాడు పది నిమిషాల్లో కొట్టిచ్చాడు. అందులో నేను కష్టపడే మనిషినట, నా హాబీ క్రికెట్ చూడటమట. కింద పెద్ద అక్షరాలతో ‘412 పాలసీలు’ అని ఉంది. వెనక నాలుగు పేజీల్లో నా కస్టమర్ల పేర్లు, ఫోన్ నంబర్లు. నమ్మకం కలుగుతుందని నేనే పెట్టించాను.

గుంటూరులో ఇంటర్వ్యూ. ఎదురుగా ముప్పై ఏళ్ల మేనేజరు. ‘412లో ఇప్పుడు ఎన్ని నడుస్తున్నాయండీ?’ అన్నాడు. నాకు తెలియదు. ‘పోనీ, 13వ నెల పర్సిస్టెన్సీ ఎంత?’ అంటే చేసిన పాలసీల్లో రెండో ఏడు కిస్తీ కూడా కట్టినవి ఎంత శాతమని. ఆ మాట మీటింగుల్లో వంద సార్లు విన్నాను, నా అంకె మాత్రం ఏనాడూ చూసుకోలేదు. ‘బాగానే ఉంటుందండీ’ అన్నాను. పక్కనున్నాయన వైపు చూసి నవ్వాడు. తర్వాత జాబితా తిరగేస్తూ, ‘మా దగ్గర చేరాక మా కస్టమర్ల నంబర్లు కూడా ఇలాగే పంచుతారా?’ అన్నాడు. జవాబు లేక లేచి వచ్చేశాను. నా కొడుకు వయసు కాకపోయినా తమ్ముడి వయసుంటుంది అతనికి. అతను అడిగింది తప్పు కాదని ఇంటికొచ్చాక అర్థమైంది, నవ్వు మాత్రం మర్చిపోలేదు.

లెక్క తీద్దామని బ్రాంచికెళ్తే ‘మీ లెక్కలు మాకెందుకు’ అన్నారు. అక్కడ తిరగకండి. ఏజెంటు లాగిన్‌లో ల్యాప్స్ జాబితా, అంటే కిస్తీ కట్టక ఆగిపోయిన పాలసీల జాబితా ఉంటుంది, మన దగ్గర కమీషన్ బిల్లులుంటాయి. రెండో ఏడు ప్రీమియం కడితేనే రెన్యువల్ కమీషన్ పడుతుంది కాబట్టి బిల్లే సాక్ష్యం.

2022-23లో చేసిన పాలసీలు తీసుకున్నాను, మొత్తం 58. ఏడాది కిస్తీకి గడువు తర్వాత 30 రోజుల గ్రేస్ ఉంటుంది, అది కూడా దాటినా కట్టనివాటినే పోయినట్టు లెక్కేశాను. కట్టినవి 37. అంటే 64 శాతం. ప్రాణం చివుక్కుమంది. ప్రీమియం డబ్బుతో చూస్తే 12 లక్షల 40 వేలలో 9 లక్షల 92 వేలు వచ్చాయి, సరిగ్గా 80 శాతం. పోయినవి ఎక్కువగా చిన్న పాలసీలన్నమాట. ఏది చూపించినా అది సంఖ్య లెక్కా, ప్రీమియం లెక్కా రాయాలి, లేకపోతే అక్కడే పట్టుకుంటారు.

తర్వాత 58నీ మూడు కుప్పలు పోశాను. మార్చిలో టూర్ పోటీ కోసం బంధువుల చేత చేయించినవి 16. వాటిలో రెండో ఏడు కట్టింది ఇద్దరే. కొందరికి మొదటి కిస్తీలో కొంత నా జేబులోంచే వేశాను. బీమా చట్టం సెక్షన్ 41 ప్రకారం అది తప్పు, తెలిసే చేశాను. ఆ టూరుకి కూడా పోలేకపోయాను.

రెండో కుప్ప మిర్చి రైతులు, 21 మంది. వీళ్లలో 19 మంది కట్టారు. అదృష్టం కాదిది. ఆగస్టులో పాలసీ చేస్తే ప్రతి ఏడూ ఆగస్టులోనే కిస్తీ వస్తుంది, ఆ నెల రైతు డబ్బంతా నారు, ఎరువుల్లో ఉంటుంది. యార్డులో సరుకు అమ్ముడై చేతికి డబ్బొచ్చేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. అందుకే వీలున్న ప్లాన్లలో పాలసీ తేదీని అదే ఆర్థిక సంవత్సరంలో వెనక్కి జరిపించి ఏప్రిల్ పెట్టించేవాణ్ణి. మిగతా 21 టీచర్లు, షాపులవాళ్లు. వాళ్లలో 16 మంది కట్టారు.

కొత్త రెజ్యూమే ఒక్క పేజీ. 58, 37, రెండు శాతాలు, మార్చి పోటీ సంగతి కూడా రాశాను. కస్టమర్ల చోట పేర్లు తీసేసి ‘మిర్చి రైతులు 21, సత్తెనపల్లి చుట్టుపక్కల ఊళ్లు, కిస్తీ ఏప్రిల్, 19 కట్టారు’ అని పెట్టాను. 412ని చివర్లో చిన్న అక్షరాలకు దించాను. క్రికెట్ తీసేశాను.

రెండో కంపెనీలో మేనేజరమ్మ కాగితం చూసి, ‘ఏప్రిల్ ఎందుకండీ?’ అని ఒక్క ప్రశ్న అడిగారు. నలభై నిమిషాలు మిర్చి గురించే మాట్లాడాను.

ఆ మొదటి ఆఫీసులో నా నాలుగు పేజీల జాబితా మాత్రం ఉండిపోయింది. తిరిగివ్వమని రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. మొన్న మా కస్టమరు ఒకాయన, ‘ఏమయ్యా, నా నంబరు ఎవరికిచ్చావు? కొత్త కంపెనీ వాళ్లు రోజూ చేస్తున్నారు’ అన్నాడు.