చేతులు కట్టుకున్న ఫొటోలో కుర్తీ మార్చబోతే

గుంటూరులో మా అక్క మంగళగిరి కాటన్ తెప్పించి కుర్తీలు కుట్టించి అమ్ముతుంది. పోయిన దసరాకి ఒకే కుట్టులో నాలుగు రంగులు అనుకుంది. ఫొటోలు తీసే రోజుకి ముదురు నీలం రంగుది ఒక్కటే దర్జీ దగ్గర్నుంచి వచ్చింది. వాళ్ల ఆడపడుచు కూతురు అది వేసుకుని నిలబడితే పద్నాలుగు ఫొటోలు తీశాం. "తమ్ముడూ, వీటి మీదే పసుపు, మెరూన్ కూడా చూపించలేవా? బట్ట చేతిలో ఉంది, రంగు సరిచూసుకోవచ్చు" అంది అక్క. ఆ అమ్మాయి కూడా సరేనంది.

నీలాన్ని నేరుగా పసుపుగా తిప్పితే కుదరదని మొదటి ఫొటోలోనే తెలిసింది. ముదురు నీలంలో మడతల వివరమంతా నలుపులో కలిసిపోయి ఉంటుంది. దాన్ని తిప్పితే పసుపు రాదు, బురద రంగు వస్తుంది. అందుకే కుర్తీ ఉన్న మేర మాస్క్ వేసి, ఆ భాగాన్ని బొమ్మలు గీసే ఏఐ మోడల్ స్టేబుల్ డిఫ్యూజన్‌తో కొత్తగా గీయించాను. మాస్క్ అంటే నలుపు తెలుపు బొమ్మ. తెల్లగా ఉన్నచోట కొత్తగా గీస్తుంది, నల్లగా ఉన్నచోట ఫొటోని ముట్టుకోదు. ఆ తెలుపు ఎక్కడ పడాలో చెప్పడానికి బట్టల్ని గుర్తుపట్టే మోడల్ ఒకటి వాడాను. అది ప్రతి పిక్సెల్‌కీ ఒక పేరు పెడుతుంది: `Upper-clothes`, `Left-arm`, `Face`, ఇలా.

చేతులు పక్కకి వదిలి నిలబడ్డ తొమ్మిది ఫొటోలు ఒక్క సాయంత్రంలో అయిపోయాయి. మిగిలిన ఐదూ వారం రోజులు తీసుకున్నాయి. రెండింట్లో అమ్మాయి చేతులు కట్టుకుంది, మూడింట్లో పొట్ట ముందు రెండు చేతుల వేళ్లూ కలిపి పట్టుకుంది.

చేతులు కట్టుకున్న ఫొటోలో పసుపు కుర్తీ బాగానే వచ్చింది, కానీ చేతులు మూడయ్యాయి. కుడి భుజం నుంచి ఒక కొత్త చెయ్యి కిందికి వేలాడుతోంది. అసలు ఫొటోలోని అరచెయ్యి మాత్రం ఎడమ భుజం కింద బట్టకి అతికించినట్టు ఉంది. ముంజేయి లేదు. సీడ్, అంటే గీత ఎక్కడ మొదలవ్వాలో నిర్ణయించే అంకె, మార్చి ఇరవైసార్లు గీయించాను. ఇరవైసార్లూ ఇలాంటిదే ఏదో ఒకటి. లోపం గీసే మోడల్‌లో ఉందనుకుని రెండు రోజులు దాన్నే మారుస్తూ కూర్చున్నాను.

మూడో రోజు మాస్క్‌ని విడిగా తెరిచి పెద్దది చేసి చూశాను. అప్పుడు కనిపించింది. అది పొడుగు చేతుల కుర్తీ. ముంజేతుల మీద ఉన్నదీ బట్టే, వాటి వెనక ఛాతీ మీద ఉన్నదీ అదే బట్ట. బట్టల మోడల్ రెండింటికీ `Upper-clothes` అనే పేరే పెట్టింది. `Left-arm` అన్న పేరు కనిపించే చర్మానికే పడింది, అంటే అరచేతికి. పైగా చేతులు అడ్డంగా దాటడంతో కుడి చెయ్యి ఎడమ వైపుకి వచ్చి, ఆ పేరు కూడా తారుమారైంది. మొత్తం మీద నా మాస్క్ మెడ నుంచి మోకాళ్ల దాకా ఒకటే తెల్లటి ముద్ద. అందులో ఒక అరచెయ్యి ఆకారంలో నల్లటి దీవి.

మాస్క్‌కి ముందూ వెనకా తెలియదు. ఏ పిక్సెల్ బట్టో చెబుతుంది గానీ ఏ బట్ట దేని మీద ఉందో చెప్పదు. చేతులు కట్టుకున్నట్టు తెలిపే ఆధారాలన్నీ, అంటే ముంజేయి అంచు, మోచేతి మడత, కింద పడిన నీడ, ఆ తెలుపులోనే ఉన్నాయి. వాటన్నిటినీ చెరిపేసి గీయమంటే, గీసే మోడల్‌కి కనిపించేది ఒక తల, రెండు భుజాలు, మధ్యలో ఒక ఒంటరి అరచెయ్యి. భుజాలున్నాయి కాబట్టి మామూలుగా చేతులు వేలాడదీసింది.

పాత ఫొటోని ఎంత మేర మార్చి గీయాలో చెప్పే అంకె ఒకటుంటుంది, `Denoising strength`. దాన్ని 0.9 నుంచి 0.5కి తగ్గించి చూశాను. చేతులు సరిగానే నిలిచాయి, కానీ నీలం కూడా నిలిచిపోయింది. చివరికి పనిచేసింది లోతు పటం. అసలు ఫొటో నుంచి దగ్గరగా ఉన్నవి తెల్లగా, దూరంగా ఉన్నవి నల్లగా చూపే బొమ్మ తీసి, గీసే మోడల్‌కి ఇలాంటి బొమ్మని దారిగా చూపే కంట్రోల్‌నెట్ ద్వారా దాన్ని పక్కన ఇచ్చాను. అందులో ముంజేతులు ఛాతీ కన్నా ముందుకు ఉబ్బి స్పష్టంగా కనిపిస్తాయి. రంగుతో దానికి సంబంధం లేదు. మాస్క్ పారేసిన ముందువెనకల సంగతిని అది తిరిగి తెచ్చింది. 0.9 దగ్గరే రెండో ప్రయత్నంలో చేతులు కట్టుకున్న పసుపు కుర్తీ వచ్చింది.

వేళ్లు కలిపి పట్టుకున్న మూడు ఫొటోల ఇబ్బంది వేరు. ఇక్కడ అరచేతులు కుర్తీ మీదే ఉన్నాయి, చర్మం కాబట్టి మాస్క్ వాటిని వదిలింది. అయినా వేళ్ల చుట్టూ నీలం అంచు మిగిలింది, వేళ్ల సందుల్లో నీలం చుక్కలు. అంచు పోవాలని మాస్క్‌ని కాస్త పెంచితే అది వేళ్లని తినేసింది, ఆరు వేళ్ల చెయ్యి వచ్చింది. ఇందులో కొలతల పాత్ర కూడా ఉంది. 1024 పిక్సెళ్ల ఎత్తు ఫొటోలో మనిషి నిలువునా ఉంటే వేలు వెడల్పు తొమ్మిది పిక్సెళ్లకి మించదు. స్టేబుల్ డిఫ్యూజన్ లోపల పనిచేసేది ఎనిమిదో వంతుకి కుదించిన బొమ్మ మీద. అంటే ఒక వేలికి దాదాపు ఒక్క గడి. వేళ్ల సందుకి ఆ గడిలో చోటే ఉండదు, మాస్క్ అక్కడ ఎంత చక్కగా కోసినా.

అందుకని క్రమం మార్చాను. క్లిక్ చేసినచోట ఉన్నదాన్ని అంచుల వెంట వేరుచేసే సెగ్మెంట్ ఎనీథింగ్ అనే మోడల్‌లో వేళ్ల మీద, మణికట్టు మీద క్లిక్ చేసి చేతుల్ని విడిగా కత్తిరించి దాచుకున్నాను. దాని అంచుని రెండు పిక్సెళ్లు లోపలికి తగ్గించాను, ఎందుకంటే అంచు పిక్సెల్‌లో చర్మమూ పాత నీలమూ కలిసే ఉంటాయి. తర్వాత చేతులు లేనట్టే వాటి మీదుగా కూడా మాస్క్ వేసి కుర్తీని పూర్తిగా గీయించాను. లోతు పటంలోనూ చేతుల ఉబ్బుని, పక్క బట్టకి అందులో ఉన్న బూడిద ఛాయతోనే చెరిపేశాను. లేకపోతే అక్కడ మళ్లీ చేతులే గీస్తుంది. ఆఖరున దాచుకున్న చేతుల్ని పైన పొరగా పెట్టాను:

```python
final = new_kurti.copy()
final[hands > 0] = original[hands > 0]
```

దీనివల్ల ఇంకో మేలు జరిగింది. అంతకుముందు చేతుల పైన గుండీల పట్టీ ఒకచోట, చేతుల కింద వేలెడు పక్కకి జరిగి ఇంకోచోట వచ్చేది. తెలుపు రెండు ముక్కలైతే వాటిమధ్య గీతలు కలవవు. ఇప్పుడు పట్టీ ఒకే గీతగా చేతుల వెనక నుంచి దిగింది. చేతులు గాలిలో తేలినట్టు అనిపిస్తే, వాటి కింద బట్ట రంగునే ముదురు చేసి మెత్తటి బ్రష్‌తో నీడ వేశాను. నల్లటి నీడ వేస్తే పసుపు మీద మసిలా కనిపించింది.

ఇదే పద్ధతి చేతులు కట్టుకున్న ఫొటోలకి పనికిరాదు. అక్కడ ముంజేయి కూడా రంగు మారాల్సిందే, కాబట్టి పాత ముంజేతిని పైన పెట్టలేం. ఆ రెండింటికీ లోతు పటమే దిక్కు. అయినా ఒకదాంట్లో మోచేతి దగ్గర బట్ట ముడత కొంచెం మైనంలా ఉండిపోయింది. మెరూన్‌లో అది కనపడలేదు, పసుపులో కనపడింది. అక్కకి చూపిస్తే పసుపుది పక్కన పెట్టేసింది.

సంక్రాంతి ఫొటోలకి వెళ్లినప్పుడు అమ్మాయి అలవాటుగా చేతులు కట్టుకోబోయింది. "చేతులు నడుం నుంచి జానెడు దూరంగా పెట్టమ్మా, ఒక్కటి అలా తీసుకున్నాక నీకిష్టమొచ్చినట్టు నిలబడు" అన్నాను. మొదటి ఫొటో మాస్క్ కోసం, మిగతావి ఆ అమ్మాయి కోసం తీశాం. రంగులు మార్చింది మొదటిదాని మీదే.