మూడు మెయిళ్లు గోడకే రాశాను

మిక్సీ వెనక్కి పంపి ఇరవై రోజులైనా డబ్బులు రాలేదు. ఆర్డర్ మెయిల్‌కే రిప్లై కొట్టాను, ఒకటి కాదు, మూడుసార్లు. మూడోసారైతే కాస్త ఘాటుగానే. తర్వాత పంపినవారి అడ్రస్ చూస్తే noreply@ అని ఉంది.

ఆ అడ్రస్ మెయిళ్లు పంపడానికే. చాలాచోట్ల దాని వెనక ఇన్‌బాక్సే ఉండదు, అప్పుడు మన మెయిల్ 550 అనే ఎర్రర్‌తో తిరిగొస్తుంది. అలా వస్తే నయం, చేరలేదని తెలుస్తుంది. నాకు అదీ రాలేదు. అటు సర్వర్ తీసుకుని చడీచప్పుడు లేకుండా పారేసినట్టుంది, నేనేమో చదువుతున్నారనుకున్నాను.

గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబర్ వెతకబోతే మా తమ్ముడు ఆపాడు. అక్కడ దొంగ నంబర్లు బోలెడు. సైట్ అడ్రస్ మనమే టైప్ చేసి, పేజీ అట్టడుక్కి వెళ్లమన్నాడు. అక్కడ చిన్న అక్షరాల్లో గ్రీవెన్స్ ఆఫీసర్ పేరు, ఫోను, మెయిల్ దొరికాయి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అవి సైట్‌లో పెట్టి తీరాలి. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి.

సబ్జెక్ట్‌లో ఆర్డర్ నంబర్, లోపల మిక్సీ వెనక్కి తీసుకెళ్లిన తేదీ, కొరియర్ రసీదు ఫోటో, అంతే. ఘాటు తీసేశాను. మర్నాడే ఫిర్యాదు నంబర్ వచ్చింది, ఆరో రోజు డబ్బులు పడ్డాయి. పడకపోయుంటే 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేద్దామనుకున్నాను.

పడ్డాయని మెయిల్ కూడా వచ్చింది. noreply@ నుంచే.