సీ తర్వాత ఐ ముందా, ఈ ముందా?

రేపు పాపకి ఇంగ్లిష్ డిక్టేషన్. 'రిసీవ్' తేలిగ్గానే రాసేసింది. ఈకి ముందు ఐ, సీ పక్కన ఉంటే మాత్రం తిరగేయాలి, ఆ సూత్రం నోటికొచ్చు. "మరి సైన్స్‌లో సీ తర్వాత ఐ ముందుంది కదా నాన్నా?" అని పట్టేసింది.

అసలు చిక్కేంటంటే, స్కూళ్లలో సగం సూత్రమే చెబుతారు. ఆ రెండక్షరాలూ కలిసి 'ఈ' అని దీర్ఘంగా పలికితేనే అది పనిచేస్తుంది. బిలీవ్, ఫీల్డ్‌లలో ఐ ముందు. రిసీట్, సీలింగ్‌లలో సీ ఉంది కాబట్టి ఈ ముందు. సైన్స్‌లో ఆ పలుకే లేదు. ఎయిట్‌లో 'ఏ' వినిపిస్తుంది. వీటిని ఈ లెక్కలోకి లాగకూడదు.

ఇంత జల్లెడ పట్టినా కొన్ని మిగులుతాయి. సీజ్, వియర్డ్, ప్రోటీన్, కెఫీన్ ముందు సీ లేకుండానే తిరగబడతాయి. స్పీషీస్‌లో సీ ఉన్నా తిరగబడదు.

నాకు నచ్చింది ప్రోటీన్ సంగతి. 1838లో ఆ పేరు పెట్టినప్పుడు, 'ఈ' అక్షరంతో ముగిసే గ్రీకు ముక్కకి 'ఇన్' అనే తోక తగిలించారు. మొదట్లో ప్రో-టీ-ఇన్ అని విడివిడిగానే పలికేవారు. తర్వాత పలుకు కలిసిపోయింది, స్పెల్లింగ్ మాత్రం అలాగే ఉండిపోయింది. కెఫీన్‌దీ దాదాపు ఇదే కథ. అందుకే పాపకి ఆ రెండూ విడగొట్టి పలికి చూపించా, వెంటనే పట్టేసింది.

సీజ్, వియర్డ్‌లకి ఇలాంటి చిట్కా దొరకలేదు. బట్టీ పట్టమన్నా.