2 ఎంబీపీఎస్ అప్‌లోడ్‌తో తెలుగు మీడియం ఫిజిక్స్ క్లాస్: అక్షరం చెదరకుండా ఓబీఎస్ సెట్టింగులు

జూన్

పదో తరగతి తెలుగు మీడియం పిల్లలకి ఆదివారం సాయంత్రాలు ఓబీఎస్ అనే స్ట్రీమింగ్ సాఫ్ట్‌వేర్‌తో యూట్యూబ్‌లో లైవ్‌గా ఫిజిక్స్ చెప్తుంటాను. ఉద్యోగం వేరే, ఇది నాకు ఇష్టమైన పని. మల్కాజిగిరిలో మా ఫ్లాట్‌కి వచ్చే నెట్‌కి డౌన్‌లోడ్‌లో ఏ లోటూ లేదు. అప్‌లోడ్ మాత్రం పగలు 3 ఎంబీపీఎస్ ఉండి, సాయంత్రం ఏడు దాటాక 2 దగ్గరికి దిగుతుంది. క్లాసు సరిగ్గా ఆ సమయానికే.

చూసే పిల్లలు దాదాపు అందరూ ఫోన్లలో, మొబైల్ డేటా మీద 360pలో చూస్తారు. సూర్యాపేటలో ఉన్న మా అన్నయ్య కూతురు సమాంతర సంధానం పాఠం విని ఫోన్ చేసి, "బాబాయ్, ఆ R కింద ఉన్నది ఒకటా, రెండా?" అని అడిగింది. నేను పంపేది 720p కాబట్టి నా తెర మీద అంతా బాగానే ఉంది. తన ఫోన్లో కనబడేదే అసలు పరీక్ష.

అందుకే ముందు ఒక పరీక్ష స్లైడ్ తయారుచేశాను. అందులో ద, ధ, థ పక్కపక్కన ఉంటాయి. ఈ మూడింటికీ తేడా కింద ఒక చిన్న గీత, లోపల ఒక చుక్క, అంతే. వాటితో పాటు "వ్యాసార్ధం", "పదార్థం", R₁, R₂ ఉంటాయి. ఇవన్నీ నాలుగైదు సైజుల్లో. ఇంగ్లీషు అక్షరం చదవగలిగిన సైజులో తెలుగు వత్తు చదవలేం, ఎందుకంటే వత్తు అసలు అక్షరంలో సగం కూడా ఉండదు.

సైజు లెక్క సులువే. మామూలు వైడ్ స్లైడ్ ఎత్తు 7.5 అంగుళాలు, అంటే 540 పాయింట్లు. 360pలో ఆ 540 పాయింట్లూ 360 పిక్సెళ్లలో సర్దుకోవాలి. పాయింట్లలో మూడింట రెండొంతులే పిక్సెళ్లు అన్నమాట. 24 పాయింట్ల అక్షరానికి 16 పిక్సెళ్లు దక్కుతాయి. అందులో వత్తుకి మిగిలేది ఆరేడు పిక్సెళ్లు, థ లోపలి చుక్కకి ఒకటి. వీడియోని కుదించే ఏ ఎన్‌కోడర్ కూడా ఆ ఒక్క పిక్సెల్‌ని కాపాడలేదు. అందుకే తెలుగు వాక్యాలకి 36 పాయింట్లు, సూత్రాలకి 44 అని నియమం పెట్టుకున్నాను. స్లైడ్‌లో పట్టే మాటలు తగ్గుతాయి, స్లైడ్లు పెరుగుతాయి. దీనికి మాత్రం సెట్టింగుల్లో మందు లేదు.

ప్రతి మార్పుకీ లైవ్ పెట్టి చూడనక్కర్లేదు. స్ట్రీమ్ ఎన్‌కోడర్‌తోనే రికార్డు చేసి, దాన్ని 360pకి కుదించి ఫోన్లో చూస్తే చాలు:

```
ffmpeg -i class.mkv -vf scale=640:360 -c:v libx264 -crf 28 -an test360.mp4
```

యూట్యూబ్ చేసే రీఎన్‌కోడింగ్‌కి ఇది నకలు కాదు. కానీ ఏ సెట్టింగు మెరుగో, ఏది కాదో పోల్చుకోవడానికి సరిపోతుంది.

జూలై

ముందు స్కేలింగ్ సంగతి. నా లాప్‌టాప్ తెర 1366×768, పంపేది 1280×720. ఈ రెండింటి నిష్పత్తి పూర్ణ సంఖ్య కాదు కాబట్టి ఒక పిక్సెల్ వెడల్పున్న గీత రెండు పిక్సెళ్ల మధ్య పంచుకుపోయి బూడిద రంగు అవుతుంది. ఎన్‌కోడర్ దాకా వెళ్లకముందే అక్షరం మెత్తబడిపోతుందన్నమాట. క్లాసు ముందు విండోస్ డిస్‌ప్లేనే 1280×720కి మార్చి, ఓబీఎస్‌లో `Base (Canvas) Resolution`, `Output (Scaled) Resolution` రెండూ 1280×720 పెట్టాను. ఇప్పుడు నా తెర మీద అక్షరాలు కాస్త మసగ్గా ఉంటాయి, స్ట్రీమ్‌లో మాత్రం పిక్సెల్‌కి పిక్సెల్ వెళ్తుంది. క్లియర్‌టైప్ కూడా ఆపేశాను. అది అక్షరం అంచులకి ఎరుపు, నీలం ఛాయలు పూస్తుంది. వీడియోలో రంగు వివరం అడ్డంగా సగం, నిలువుగా సగమే ఉంటుంది కాబట్టి ఆ ఛాయలు పక్కకి పాకుతాయి.

తర్వాత బిట్‌రేట్. సాయంత్రపు 2 ఎంబీపీఎస్‌ని పూర్తిగా వాడుకోలేం. ఇంట్లో ఎవరైనా ఫొటోలు పంపితే చాలు, క్లాసు తెగుతుంది. వీడియోకి 1200 కేబీపీఎస్, మోనో ఆడియోకి 64. మొత్తం మూడింట రెండొంతుల లోపు.

ఈ 1200ని ఎలా ఖర్చుపెట్టాలన్నదే అసలు ప్రశ్న. సెకనుకి 30 ఫ్రేములైతే సగటున ఒక్కో ఫ్రేముకి 5 కిలోబైట్లు వస్తాయి. 10 ఫ్రేములైతే 15. స్లైడ్ కదలకుండా ఉన్నప్పుడు ఈ తేడా పెద్దగా తెలియదు, మారనిదాన్ని ఎన్‌కోడర్ మళ్లీ పంపదు కాబట్టి. స్లైడ్ మారిన క్షణంలో, పెన్నుతో గీస్తున్నప్పుడు, పాఠ్యపుస్తకం పీడీఎఫ్ జరిపినప్పుడు తెలుస్తుంది. 30 దగ్గర కొత్త స్లైడ్ ముందు మరకలా వచ్చి మెల్లగా తేరుకునేది. 10 దగ్గర చాలా త్వరగా తేరుకుంటోంది. పెన్ను గీత కాస్త ఎగిరెగిరి పడుతుంది కానీ సర్క్యూట్ బొమ్మకి అది అడ్డం కాదు. గేమ్ స్ట్రీమ్ చేసేవాళ్లకి ఈ దారి కుదరదు. వాళ్లు 30 దగ్గరే ఉండి రిజల్యూషన్ తగ్గించుకుని, స్కోరు, మ్యాప్ లాంటివి ఆటలోని సెట్టింగుల్లోనే పెద్దవి చేసుకోవడం మేలు.

ఆగస్టు

పెన్ను ఆపి మాట్లాడుతున్నప్పుడు కూడా అక్షరాలు ప్రతి రెండు సెకన్లకీ ఒకసారి మసకబారి, మళ్లీ తేటపడుతున్నాయి. ఇది నెట్ లోపం కాదు. కీఫ్రేమ్ ఇంటర్వెల్ 2 సెకన్లు ఉంది. కీఫ్రేమ్ అంటే పాత ఫ్రేముల సాయం లేకుండా మొత్తం బొమ్మని మొదటినుంచి పంపడం. దానికి చాలా బైట్లు కావాలి. అవి దొరక్కపోతే అప్పటిదాకా పేరుకున్న స్పష్టత పోయి, మళ్లీ మొదలవుతుంది.

ఆ కీఫ్రేమ్ ఎంత పెద్దగా ఉండొచ్చో తేల్చేది బఫర్ సైజు. నేను వాడే x264 ఎన్‌కోడర్‌లో బిట్‌రేట్‌ని స్థిరంగా ఉంచే సీబీఆర్ పెట్టి ఊరుకుంటే ఓబీఎస్ బఫర్‌ని బిట్‌రేట్‌తో సమానంగా, అంటే 1200 కిలోబిట్లుగా ఉంచుతుంది. బఫర్ పూర్తిగా నిండి ఉన్నా ఏ ఫ్రేమూ 150 కిలోబైట్లు దాటదు. `Use Custom Buffer Size` టిక్ చేసి 2400 పెట్టాను. రికార్డింగ్‌లో ఆ మసక చాలావరకు పోయింది. లైవ్‌లో మాత్రం సాయంత్రం `Stats` విండోలో `Dropped Frames (Network)` పెరగడం మొదలైంది. కారణం లెక్కలోనే ఉంది. 2400 కిలోబిట్ల ఫ్రేము 2 ఎంబీపీఎస్ లైన్లోంచి పోవాలంటే 1.2 సెకన్లు పడుతుంది, అంతసేపూ వెనక ఫ్రేములు క్యూ కడతాయి. 1800కి తగ్గించాక అది 0.9 సెకను అయింది, డ్రాప్స్ ఆగాయి. మీ లైన్‌కి ఈ అంకె వేరుగా ఉంటుంది. రద్దీ సమయంలో వచ్చే అప్‌లోడ్‌తో బఫర్‌ని భాగించండి. ఒక సెకను లోపే ఉంచుకోండి.

కీఫ్రేమ్ ఇంటర్వెల్‌ని 4 సెకన్లు చేశాను. యూట్యూబ్ 2 సెకన్లు సిఫారసు చేస్తూ 4 దాటొద్దంటుంది. ఓబీఎస్ `Stream` ట్యాబ్‌లో `Ignore streaming service setting recommendations` టిక్ చేయకపోతే ఇక్కడ 4 అని రాసినా అది 2నే వాడేస్తుంది. ఇది చూసుకోకపోతే మార్పు ఎందుకు కనబడట్లేదో అర్థం కాదు.

ఈ నెల అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చింది లుక్‌అహెడ్. x264 రాబోయే ఫ్రేములని ముందుగా చూసి, బొమ్మలో ఏ భాగం ఎక్కువసేపు మారకుండా ఉంటుందో కనిపెట్టి, ఆ భాగానికి ఎక్కువ బిట్లు ఇస్తుంది. ఒకసారి బాగా పంపితే తర్వాతి ఫ్రేములన్నీ దాన్నే వాడుకుంటాయి కదా. కదలని తెలుగు వాక్యానికి ఇంతకన్నా కావలసిందేముంది. అయితే `veryfast` ప్రీసెట్ ముందుకి చూసేది 10 ఫ్రేములే. `superfast`, `ultrafast` అసలు చూడవు. `zerolatency` ట్యూన్ పెట్టినా ఈ పని ఆగిపోతుంది, పాఠాలకి దాని జోలికి వెళ్లొద్దు.

ఫ్రేములు మూడో వంతుకి తగ్గాయి కాబట్టి నా పాత ఐ3 ప్రాసెసర్‌కి ఊపిరి ఆడుతోంది. ప్రీసెట్‌ని `fast`కి మార్చి, `x264 Options`లో ఇది రాశాను:

```
rc-lookahead=40 deblock=-1:-1
```

సెకనుకి 10 ఫ్రేముల దగ్గర 40 అంటే 4 సెకన్లు, ఒక కీఫ్రేమ్ నుంచి ఇంకో కీఫ్రేమ్ దాకా. రెండో మాట, ఎన్‌కోడర్ బొమ్మని విడగొట్టే గడుల అంచులని నునుపు చేసే ఫిల్టర్‌ని కొంచెం తగ్గిస్తుంది. మరీ తగ్గిస్తే అక్షరాల చుట్టూ దోమల్లాంటి చుక్కలు లేస్తాయి. లుక్‌అహెడ్ వల్ల స్ట్రీమ్ ఇంకో నాలుగు సెకన్లు ఆలస్యమవుతుంది, చాట్‌లో ప్రశ్న అడిగిన పిల్లలు ఆ మేరకు ఆగాలి. `Skipped frames due to encoding lag` సున్నా దగ్గరే ఉంటే ప్రాసెసర్ తట్టుకుంటున్నట్టు. పెరిగితే ప్రీసెట్‌ని `faster`కి దించండి, లుక్‌అహెడ్‌ని మాత్రం కదపొద్దు.

సెప్టెంబరు

ఇంకా కొన్ని బిట్లు ఎక్కడికి పోతున్నాయో వెతికితే దొరికింది వెబ్‌క్యామ్ మూల. నా వెనక సీలింగ్ ఫ్యాన్ తిరుగుతోంది. రెక్కలు ప్రతి ఫ్రేములోనూ కొత్త చోట ఉంటాయి, ఎన్‌కోడర్ వాటిని విడవకుండా పంపుతూనే ఉంటుంది. కెమెరాని కిందికి వంచి ఖాళీ గోడ వచ్చేలా పెట్టాను, బొమ్మని 200 పిక్సెళ్ల వెడల్పుకి తగ్గించాను. స్లైడ్ల మధ్య ఫేడ్లు, పక్కనుంచి జారే యానిమేషన్లు తీసేశాను. బ్యాక్‌గ్రౌండ్ ఒకే రంగు.

రంగుల్లో నల్లటి నేల మీద ఎర్ర అక్షరాలు, నీలం అక్షరాలు మానేశాను. వీటిలో వెలుగు తేడా తక్కువ, రంగు తేడాయే ఎక్కువ. వీడియోలో బలహీనమైనది రంగే. నల్ల నేల మీద తెలుపు, ముఖ్యమైన పదానికి పసుపు వాడుతున్నాను. ధన, ఋణ ఆవేశాలకి ఎరుపు, నీలం తప్పనిసరైన చోట రంగు వేసేది గుండ్రానికే. లోపల + గుర్తు, − గుర్తు తెలుపులో ఉంటాయి.

ఇప్పుడు పరీక్ష స్లైడ్ 360pలో: 36 పాయింట్ల దగ్గర ద, ధ, థ మూడూ విడివిడిగా తెలుస్తున్నాయి. R₁, R₂ 44 దగ్గర స్పష్టం. "పదార్థం"లో వత్తు లోపలి చుక్క 36 దగ్గర స్లైడ్ మారాక రెండో సెకనుకి గానీ తేలదు. పీడీఎఫ్ జరిపితే ఇప్పటికీ చెదురుతుంది, 1200 కేబీపీఎస్‌లో దానికి దారి లేదు. అందుకే పాఠ్యపుస్తకం పేజీలని కత్తిరించి స్లైడ్లుగా పెడుతున్నాను. కొత్త స్లైడ్ రాగానే చదవడం మొదలుపెట్టకుండా, ముందు ఆ స్లైడ్ దేని గురించో నోటితో చెప్తున్నాను. ఆ వాక్యం పూర్తయ్యేలోపు అక్షరాలు తేటపడతాయి.