ఏసీ ఆగస్టులో కొనాలా, దసరాకా, జనవరికా? నా అనుభవం

2025 ఆగస్టులో మా ఇంట్లో నాన్నగారి గదిలో ఏసీ పనిచేయడం మానేసింది. మెకానిక్ వచ్చి చూసి లోపలి కాయిల్ లీకవుతోందని, గ్యాస్ నింపినా నెలా రెండు నెలల కంటే నిలవదని చెప్పేశాడు. విజయవాడలో ఆగస్టు ఉక్కపోత గురించి ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు, కాబట్టి వెంటనే కొనేయాలన్నదే మొదటి ఆలోచన. కానీ సరిగ్గా అప్పుడే ఆగస్టు 15 ప్రసంగంలో ప్రధాని దీపావళికి జీఎస్టీ తగ్గిస్తామన్నారు. ముందు దసరా సేల్ ఉంది. ఇవి చాలవన్నట్టు 2026 జనవరి 1 నుంచి ఏసీల స్టార్ రేటింగ్ లెక్క మారుతోందని, అప్పుడు కొత్త మోడళ్లు వస్తాయని షాపులో చెప్పారు. అంటే ఆగడానికి ఒకటి కాదు, మూడు కారణాలు. మూడింటినీ కలిపేసి "ఆగితే మంచిదట" అనుకుంటే ఏదీ తేలదు, అందుకే ఒక్కోదానికీ విడిగా లెక్క వేసుకున్నాను.

ముందు జీఎస్టీ. ఏసీ మీద 28 శాతం ఉండేది, 18 అవుతుందన్నారు. చాలామంది దీన్ని పది శాతం తగ్గింపు అనుకున్నారు, కానీ అంత రాదు, ఎందుకంటే పన్ను పడేది అసలు ధర మీద, మనం చూసే మొత్తం మీద కాదు. నేను చూసిన ఒకటిన్నర టన్ను ఫైవ్ స్టార్ ఏసీ షాపులో 44,800 ఉంది. దాన్ని 1.28తో భాగిస్తే అసలు ధర 35,000. దానికి 18 శాతం కలిపితే 41,300. తేడా 3,500, అంటే ఎనిమిది శాతం కన్నా కొంచెం తక్కువే. షాపాయన "ఇప్పుడే తీసుకుంటే 1,500 తగ్గిస్తాను సార్, మళ్లీ ఎప్పుడొస్తుందో ఏమో" అన్నారు. అది తీసేసినా ఆగినందుకు 2,000 మిగులుతుంది.

ఆ 2,000 కోసం ఆగడం న్యాయమా అన్నది ఆగడానికి అయ్యే ఖర్చును బట్టి ఉంటుంది. పాత ఏసీలో గ్యాస్ నింపించి నెట్టుకొద్దామనుకుంటే ఆ ఖర్చే మిగిలేదాన్ని మింగేస్తుంది. మాకు రెండో గదిలో ఇంకో ఏసీ ఉంది, నాన్నగారి మంచం అక్కడికి మార్చి మేము హాల్లో సర్దుకున్నాం. ఖర్చేమీ లేదు కాబట్టి ఆగాం. ఇంట్లో ఉన్నది ఒక్క ఏసీయే అయి, అది ఏప్రిల్లో పోయి ఉంటే, నేను ఆ రోజే కొనేసేవాణ్ని, రెండు వేల కోసం పెద్దవాళ్లని ఎండాకాలం రాత్రుళ్లు ఇబ్బంది పెట్టకూడదు.

ఆగడానికి ముందు ఒక పని చేశాను, ఇది మాత్రం అందరూ చేయాలని గట్టిగా చెబుతాను. షాపులో కొటేషన్ కాగితం మీద రాయించుకున్నాను, మొత్తం ధర ఒక్కటే కాకుండా పన్నుకు ముందు ధర విడిగా, పన్ను విడిగా. పన్ను తగ్గిన రోజున అసలు ధర పెంచేస్తే మనకు తెలిసే దారి ఇదొక్కటే.

సెప్టెంబర్ 3న జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయం వచ్చింది, 22 నుంచి అమలు అన్నారు. అక్కడితో టెన్షన్ పోయింది, ఎందుకంటే ఎప్పుడో దీపావళికి అనుకున్నది ఒక తేదీగా మారింది. డబ్బు ముందే కట్టి ఏసీ బుక్ చేసుకోవచ్చా అని ఒక బంధువు అడిగారు. బిల్లూ డెలివరీ రెండూ 22 నుంచి అయితే కొత్త రేటే పడుతుంది, అడ్వాన్సు ముందే కట్టినా సరే.

22నే శరన్నవరాత్రులు మొదలు, మర్నాటికల్లా ఆన్‌లైన్ సేల్స్ కూడా మొదలు. ఊరంతా అమ్మవారి దర్శనానికి వచ్చిన జనం, ఫోన్ నిండా ఆఫర్లు. అదే మోడల్ ఆన్‌లైన్‌లో ఎమ్మార్పీ 75,000 మీద 44 శాతం తగ్గింపు అని పెద్ద అక్షరాల్లో 41,990కి కనిపించింది. ఆ 75,000కి ఎవరూ ఎప్పుడూ కొనలేదు, కాబట్టి ఆ శాతాన్ని నేను చూడలేదు. కార్డు మీద 1,500 తగ్గి 40,490 అయ్యింది. బయటి యూనిట్‌కి స్టాండు, మూడు మీటర్లు దాటిన కాపర్ పైపు విడిగా కట్టాలి. మా గోడకి అయిదు మీటర్లు పడుతుంది కాబట్టి ఆ రెండూ కలిపితే షాపు ధర దాటిపోయింది. నో కాస్ట్ ఈఎంఐ కూడా చూశాను. వడ్డీ మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మన నెత్తినే పడతాయి, అందుకని దాని జోలికి పోలేదు.

కొటేషన్ కాగితం తీసుకుని షాపులకు వెళ్లాను. ఒక షాపులో అదే మోడల్‌కి "జీఎస్టీ తగ్గింది సార్" అంటూ 43,070 చెప్పారు. 1.18తో భాగిస్తే 36,500. అంటే ఆగస్టులో 35,000 ఉన్న అసలు ధర 1,500 పెరిగింది, తగ్గిన పన్నులో సగం దాకా అక్కడే ఆగిపోయింది. పాత షాపాయనకి ఆయన రాసిచ్చిన కాగితమే చూపిస్తే మారు మాట్లాడకుండా 41,300కి ఇచ్చారు, స్టాండు వాళ్లదే, పాత ఏసీకి 4,000 తీసేశారు. బిల్లు మీద పన్నుకు ముందు ధర 35,000, సీజీఎస్టీ 9 శాతం 3,150, ఎస్‌జీఎస్టీ 9 శాతం 3,150. ఈ మూడు అంకెలూ చూసుకున్నాకే సంతకం పెట్టాను.

ఇక జనవరి సంగతి. ఇంట్లో అందరికంటే ఎక్కువ చర్చ దీని మీదే జరిగింది, మా బావగారు "మూడు నెలలాగితే కొత్త ఫైవ్ స్టార్ వస్తుంది కదా, ఇప్పటిది అప్పటికి ఫోర్ స్టార్ అయిపోతుంది" అని పట్టుబట్టారు. ఆయన చెప్పింది నిజమే. కానీ స్టార్ మారినంత మాత్రాన మన యంత్రం ఎక్కువ కరెంటు తాగదు, ఎంత తాగుతుందో చెప్పేది లేబుల్ మీద ఐసీర్ అనే అంకె, అది ఎంత ఎక్కువుంటే కరెంటు అంత తక్కువ. మేము కొన్నదాని ఐసీర్ 5.2, ఏడాదికి 1,600 గంటల లెక్కన లేబుల్ మీద 760 యూనిట్లు. కొత్తది 5.7 ఉంటుందనుకుంటే దాదాపు 693 అవుతుంది. 67 యూనిట్లు తేడా. వేసవిలో మా ఇల్లు పడే స్లాబులో యూనిట్ 8.75, అంటే ఏడాదికి 600 లోపే. కొత్త మోడల్ మూడు నాలుగు వేలు ఎక్కువైతే ఆ తేడా తీరడానికే అయిదు నుంచి ఏడేళ్లు పడుతుంది. రోజంతా ఏసీ నడిచే ఆఫీసుకో క్లినిక్‌కో అయితే లెక్క వేరు, వాళ్లు జనవరి దాకా ఆగడంలో అర్థం ఉండేది. రాత్రిపూట మాత్రమే వేసే ఇంటికి లేదు.

ఫిటింగ్ మర్నాడే అయిపోయింది, సీజన్ కాదు కదా. కుర్రాడు పైపులు బిగించాక పంపు పెట్టి గాలి లాగి, ఆ తర్వాతే గ్యాస్ వదిలాడు. ఎండాకాలం రద్దీలో ఈ పని ఎగ్గొట్టేస్తుంటారు, దగ్గరుండి చూసుకోవాలి.

ఇదే సమయంలో మా తమ్ముడు కూడా కాలేజీ లాప్‌టాప్ కోసం జీఎస్టీ తగ్గేదాకా ఆగుతానన్నాడు. లాప్‌టాప్‌లు, ఫోన్లు ముందు నుంచీ 18లోనే ఉన్నాయి, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ కూడా అంతే. తగ్గింది ఏసీలకి, 32 అంగుళాలు దాటిన టీవీలకి, డిష్‌వాషర్లకి. వాడికి ఆగస్టులోనే క్లాసులు మొదలయ్యాయి, ప్రాజెక్టు పని ఉంది, ఆ వారమే కొనిపించాను.